కుట్టించిన చెవికి మొదటి దిద్దు: ఏ లోహం, ఎన్నాళ్ళు, ఎప్పుడు మార్చాలి

చెవులు కుట్టించుకున్న ఆరు వారాలకు చాలామంది అడిగే ప్రశ్న ఒకటే: "గడువు అయిపోయిందిగా, ఇక దిద్దులు మార్చేయొచ్చా?" చూస్తే చెవి బాగానే ఉంటుంది. ఎరుపు లేదు, నొప్పి లేదు, రసి లేదు. అయినా నేను వెంటనే సరేననను. చెవులు కుట్టడమే నా పని. ఇన్నేళ్ళలో నేను చూసిన ఇబ్బందుల్లో చాలావరకు కుట్టిన రోజున మొదలైనవి కావు, మొదటిసారి దిద్దు మార్చిన రోజున మొదలైనవి. అందుకే ఇక్కడ ఆ మొదటి మార్పు చుట్టూనే చెబుతాను. అప్పటిదాకా చెవిలో ఏ దిద్దు ఉండాలి, లోపల ఏం జరుగుతూ ఉంటుంది, మార్చడానికి చెవి సిద్ధమైందని ఎలా తెలుస్తుంది, తీరా మార్చేటప్పుడు చెయ్యి ఎలా కదలాలి అన్నవే విషయాలు. ఇదంతా చెవి తమ్మె గురించి. చెవి పైభాగంలో ఉండే మృదులాస్థి దారి వేరు, దాన్ని విడిగా ముట్టుకుంటాను.

ముందు రంధ్రం లోపలి సంగతి

తమ్మె మందం చాలామందికి 4 నుంచి 5 మిల్లీమీటర్లు ఉంటుంది. సూది దిగగానే అంత పొడవున్న చిన్న సొరంగం ఏర్పడుతుంది. దాని గోడలు పచ్చిగా ఉంటాయి. ముందు నుంచి, వెనక నుంచి చర్మం మెల్లగా లోపలికి పాకుతూ వచ్చి, చివరికి సొరంగం నడుమ కలుసుకుంటుంది. అలా కలిసినప్పుడే కాడ చుట్టూ చర్మపు గొట్టం పూర్తవుతుంది.

దీన్ని బట్టి ఒక విషయం అర్థం చేసుకోవాలి. మనకు కనిపించే రెండు చివరలు అన్నిటికంటే ముందు మానతాయి. కనిపించని నడిమి భాగం అన్నిటికంటే ఆలస్యంగా మానుతుంది. ఆరు నుంచి ఎనిమిది వారాలకు బయట అంతా నున్నగా ఉన్నా, లోపల ఉన్నది పాల మీద అప్పుడే కట్టిన మీగడ లాంటి పొర. పూచికపుల్ల తగిలినా చిరుగుతుంది. ఆ పొర గట్టిపడటానికి మరో మూడు, నాలుగు నెలలు పడుతుంది. కొందరికి ఇంకా ఎక్కువ. కాబట్టి "ఆరు వారాలు" అన్న మాటను అప్పటిదాకా మొదటి దిద్దు మీ అంతట మీరు అసలు తియ్యకూడదన్న అర్థంలో తీసుకోవాలి. ఆ రోజు రాగానే ఏది పడితే అది పెట్టుకోవచ్చని కాదు.

దిద్దును రోజూ తిప్పుతూ ఉండాలన్న సలహా ఎందుకు తప్పో కూడా ఇక్కడే తేలిపోతుంది. కాడ మీద ఎండిన రసి పక్కులా అంటుకుని ఉంటుంది. తిప్పితే ఆ గరుకు పక్కు సొరంగంలోకి దూరి మీగడ పొరను గీరేస్తుంది. తిప్పకపోతే దిద్దు చర్మానికి అతుక్కుపోతుందని భయపడతారు. అతుక్కునేది ఎండిన రసి మాత్రమే, నీళ్ళు తగిలితే కరిగిపోతుంది.

మొదటి అడుగు: లోహం ఎంచుకోవడం

కొత్త కుట్టుకు లోహం ఎంచుకోవడమంటే ముఖ్యంగా నికెల్‌కు దూరంగా ఉండటమే. లోహాల వల్ల వచ్చే చర్మ అలర్జీల్లో అన్నిటికంటే ఎక్కువమందికి వచ్చేది నికెల్‌తోనే. చెవి కుట్టించుకున్న సమయంలోనే అది మొదలయ్యే అవకాశం ఎక్కువ. మామూలు చర్మం మీద నికెల్ ఉంటే పై పొర కొంత అడ్డుపడుతుంది. పచ్చి సొరంగంలో ఆ అడ్డు లేదు. రసి తడికి లోహంలోంచి కరిగిన నికెల్ నేరుగా కణజాలానికి తగులుతుంది. శరీరం దాన్ని శత్రువుగా ఒకసారి గుర్తుపెట్టుకుందంటే ఆ గుర్తు సాధారణంగా జీవితాంతం పోదు. తర్వాత గడియారం పట్టీ, ప్యాంటు గుండీ, బెల్టు బకిల్ తగిలిన చోటల్లా దురద.

నా మొదటి ఓటు ఇంప్లాంట్ గ్రేడ్ టైటానియానికి. ఎముకల్లో అమర్చే పరికరాలకు వాడే రకం ఇది. అమ్మేవారిని "టైటానియమేనా?" అని అడిగి ఊరుకోకండి, "ఏఎస్‌టీఎం ఎఫ్136 ప్రమాణానిదేనా, మిల్లు సర్టిఫికెట్ ఉందా?" అని అడగండి. ఎఫ్136 అంటే శరీరంలో అమర్చే టైటానియానికి ఉన్న ప్రమాణం, మిల్లు సర్టిఫికెట్ అంటే ఆ లోహంలో ఏముందో తయారుచేసిన కర్మాగారం ఇచ్చే పత్రం. నిజంగా ఆ లోహం వాడేవారు ఈ ప్రశ్నకు ఇబ్బందిపడరు. చేత్తో చూసినా కొంత తెలుస్తుంది. టైటానియం సాంద్రత స్టీలు సాంద్రతలో సగం కంటే కాస్త ఎక్కువ, అంతే. ఒకే పరిమాణంలో ఉన్న రెండు దిద్దులను రెండు అరచేతుల్లో పెట్టుకుంటే టైటానియం తేలిగ్గా తెలిసిపోతుంది. వాపు ఉన్న చెవికి ఆ తేలికదనం కూడా మంచిదే. నీలం, ఊదా, పసుపు రంగుల్లో కనిపించే టైటానియం చూసి భయపడక్కర్లేదు. అది పూసిన రంగు కాదు. విద్యుత్తుతో లోహం పైన ఉండే ఆక్సైడ్ పొర మందాన్ని పెంచితే, ఆ పొర పై నుంచీ కింది నుంచీ తిరిగి వచ్చే కాంతి కలిసి అలా రంగుగా కనిపిస్తుంది. నయోబియం అనే మరో లోహం కూడా ఇంతే సురక్షితం, కాకపోతే అంత సులువుగా దొరకదు.

బంగారం విషయంలో జాగ్రత్తగా అడగాలి. 14 లేదా 18 క్యారెట్ల గట్టి బంగారం, అందులో కలిపిన లోహాల్లో నికెల్ లేదని అమ్మేవారు చెప్పగలిగితే, కొత్త కుట్టుకు పనికొస్తుంది. దిద్దు మీద 585 అని ఉంటే 14 క్యారెట్లు, 750 అని ఉంటే 18. తెల్ల బంగారంలో తెలుపు కోసం నికెల్ కలపడం మామూలే, కాబట్టి దానికి పల్లాడియం కలిపినదా అని ప్రత్యేకంగా అడగాలి. 22 క్యారెట్లలో అలర్జీ భయం తక్కువే గానీ మెత్తన. కాడ మీద గీతలు పడతాయి, వంగుతుంది. ఆ గీతలే లోపల గరుకుగా తగులుతాయి. మానిన చెవికి అది బాగుంటుంది, పచ్చి చెవికి కాదు.

బంగారు పూత ఉన్నవాటిని ఈ దశలో పూర్తిగా పక్కన పెట్టండి. పూత మైక్రాన్లలో ఉంటుంది. తడికీ రాపిడికీ అది లేచిపోతే కింద ఉన్న ఇత్తడి, నికెల్ బయటపడతాయి. వెండి కూడా వద్దు. 92.5 వెండిలో మిగతాది ఎక్కువగా రాగి. రసి తగిలితే నల్లబడుతుంది, ఆ నలుపు చర్మంలోకి దిగి మచ్చగా మిగిలిపోవచ్చు.

ఇక "సర్జికల్ స్టీల్". ఈ పేరు వినగానే చాలామంది నిశ్చింతగా ఉంటారు, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఆ పేరుతో అమ్మే 316ఎల్ స్టీలులో నూటికి 10 నుంచి 14 పాళ్ళు నికెల్ ఉంటుంది. అది లోహంలో గట్టిగా బంధించి ఉండటం వల్ల బయటికి వచ్చేది తక్కువ, చాలామందికి ఏమీ కాదు కూడా. యూరోపియన్ యూనియన్ నిబంధన కూడా ఎంత నికెల్ ఉందన్నది కాకుండా ఎంత బయటికి వస్తుందన్నదే చూస్తుంది. కుట్టిన రంధ్రంలో పెట్టే కాడకు ఆ పరిమితి వారానికి చదరపు సెంటీమీటరుకు 0.2 మైక్రోగ్రాములు. కానీ ఒంట్లో ఇదివరకే నికెల్ అలర్జీ ఉన్నవాళ్ళు ఆ లెక్క మీద ఆధారపడటం నాకు ఇష్టం లేదు. మరో అపోహ, అయస్కాంతం పరీక్ష. అయస్కాంతానికి అంటుకోకపోతే నికెల్ లేదనుకుంటారు. ఈ రకం స్టీలులో అంత నికెల్ ఉన్నా అది సాధారణంగా అయస్కాంతానికి అంటుకోదు. నికెల్ పరీక్షించే డైమిథైల్‌గ్లయాక్సిమ్ ద్రావణం ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. దూదిపుల్లకు రాసి లోహం మీద అర నిమిషం రుద్దితే, నికెల్ బయటికి వస్తున్నప్పుడు గులాబీ రంగు వస్తుంది. ముందు బిళ్ళను, కాడను, వెనక మూతను మూడింటినీ విడివిడిగా రుద్దాలి. చాలాసార్లు దిద్దు మంచిదే అయి ఉంటుంది, వెనక మూతే చవక లోహం అయి ఉంటుంది.

రెండో అడుగు: కాడ పొడవు, మూత ఆకారం

లోహం బాగున్నా కొలత తప్పితే చెవి మానదు. కుట్టిన మొదటి రోజుల్లో తమ్మె ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు చోటు ఉండాలి. 5 మి.మీ. తమ్మెకు 8 మి.మీ. కాడ పెడితే దాదాపు 3 మి.మీ. ఖాళీ ఉంటుంది, అది సరిపోతుంది. లావు తమ్మెకు 10 మి.మీ. కావాలి. కాడ మందం 1 మి.మీ. దగ్గరలో ఉంటే మంచిది. మామూలు ఫ్యాషన్ దిద్దుల కాడలు 0.8 మి.మీ. లేదా అంతకన్నా సన్నగా ఉంటాయి. సన్నటి తీగ మెత్తటి కణజాలాన్ని ఎక్కువగా కోస్తుంది.

సీతాకోకచిలుక రెక్కల్లా మడిచిన మూత అందరికీ తెలిసిందే. కొత్త కుట్టుకు అదంటే నాకు సరిపడదు. ఆ మడతల్లో రసి, వెంట్రుకలు, సబ్బు నురగ చేరి ఎండిపోతాయి. దాన్ని నొక్కినకొద్దీ తమ్మెకు ఇంకా దగ్గరవుతుంది. ఊడిపోతుందేమోనని రోజూ నొక్కుతూ ఉంటాం, చివరికి తమ్మెను పిండేస్తుంది. గాలి ఆడదు, రక్తం సరిగ్గా ఆడదు. దీనికి బదులు వెనక చదునైన బిళ్ళ ఉండి, ముందువైపు నుంచి పూస బిగించే రకం అడగండి. వెనక దిండుకు గుచ్చుకోదు, దువ్వెనకు తట్టుకోదు. ముందున్న పూస మరీ చిన్నది కాకూడదు, 3 మి.మీ. అయినా ఉండాలి. లేకపోతే ఉబ్బిన రంధ్రంలోకి అది కూరుకుపోతుంది.

రింగులు, వేలాడేవి మొదటి దిద్దుగా వద్దు. రింగు ప్రతి కదలికకూ తిరుగుతూ బయటి పక్కును లోపలికి లాగుతుంది.

మూడో అడుగు: మానేదాకా రోజువారీ పని

ఈ భాగం చిన్నదే. రోజుకు రెండుసార్లు 0.9 శాతం స్టెరైల్ సెలైన్ ముందూ వెనకా చల్లండి. ఒక నిమిషం ఆగి, శుభ్రమైన కాగితపు రుమాలుతో అద్ది ఆరనివ్వండి. చేతులు కడుక్కోకుండా ముట్టుకోకండి. పక్కు మెత్తబడి తనంతట తాను వస్తే తీసెయ్యండి, గోటితో గీరకండి. స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్, ఘాటైన యాంటిసెప్టిక్ ద్రావణాలు సూక్ష్మజీవులతో పాటు కొత్తగా పుట్టిన చర్మకణాలనూ చంపుతాయి. ఆయింట్‌మెంట్ రంధ్రం నోటిని మూసేసి రసిని లోపలే ఉంచుతుంది. దిండు గలేబు రెండు మూడు రోజులకోసారి మార్చండి. ఫోను మరో చెవికి పెట్టుకోండి, రెండు చెవులూ కుట్టించుకుంటే స్పీకర్లో మాట్లాడండి. మొదటి రెండు నెలలు ఈతకొలను, చెరువు, సముద్రం వద్దు.

నాలుగో అడుగు: కాడ పొట్టి చేయించుకోవడం

దిద్దు మార్చడంలో రెండు రకాలు ఉన్నాయని చాలామందికి తెలియదు. ఒకటి అలంకారం కోసం మార్చడం. రెండోది అదే లోహంలో పొట్టి కాడకు మారడం. ఈ రెండోది ముందే వస్తుంది, ఇది అవసరం కూడా.

వాపు తగ్గాక పొడవు కాడ అటూ ఇటూ జారుతుంది. రాత్రి పక్కకు తిరిగి పడుకుంటే వంకరగా ఒత్తుకుంటుంది. రోజూ అలా ఒత్తితే సొరంగం కోణం మారిపోతుంది, రంధ్రం నోటి దగ్గర తడిగా, ఎర్రగా ఒక చిన్న బుడిపె లేస్తుంది. దాన్ని చూసి కెలాయిడ్ అని, అంటే అదుపు తప్పి పెరిగే గాయపు మచ్చ అని కంగారుపడతారు. చాలాసార్లు అది ఒత్తిడి వల్ల వచ్చిన కండ మాత్రమే, సరైన పొడవు పెడితే కొన్ని వారాల్లో అణిగిపోతుంది. కెలాయిడ్ అలా ఉండదు. అది సాధారణంగా నెలల తర్వాత మొదలై, గట్టిగా, రంధ్రం హద్దు దాటి పెరుగుతూ పోతుంది. ఇంట్లో ఎవరికైనా కెలాయిడ్ వచ్చి ఉంటే కుట్టించుకునే ముందే చర్మవైద్యులను అడగడం మంచిది.

నాలుగు నుంచి ఎనిమిది వారాల మధ్య కుట్టినవారి దగ్గరికే వెళ్ళి, 8 మి.మీ. స్థానంలో 6 లేదా 6.5 మి.మీ. కాడ పెట్టించుకోండి. ఈ పని ఇంట్లో చేసుకోకండి. వాళ్ళ దగ్గర సన్నటి గైడు పిన్ను ఉంటుంది. పాత కాడ వెంటే ఆ పిన్ను, దాని వెంటే కొత్త కాడ వెళుతుంది, సొరంగం ఒక్క క్షణం కూడా ఖాళీగా ఉండదు.

ఒక చెవి కథ

మా అక్క కూతురికి 18 ఏళ్ళు నిండాక నేనే చెవులు కుట్టాను. 1 మి.మీ. మందం, 8 మి.మీ. పొడవు ఉన్న టైటానియం కాడలు పెట్టాను. ఐదో వారంలో పొట్టివి మార్చాను. చెవి చక్కగా మానుతోంది. 45వ రోజున స్నేహితురాలి పెళ్ళికని బంగారు పూత దిద్దులు తనే పెట్టేసుకుంది. 47వ రోజు పొద్దున ఫోను చేసింది.

"పిన్నీ, రెండు చెవులూ చీము పట్టాయి. యాంటీబయాటిక్ ఆయింట్‌మెంట్ రాస్తున్నా, తగ్గట్లేదు."

"నొప్పా, దురదా?" అని అడిగాను.

"దురదే పిన్నీ. గోక్కోకుండా ఉండలేకపోతున్నా."

నాకు సగం విషయం అక్కడే తెలిసింది. సూక్ష్మజీవులు పడితే సలుపు, వేడి, నొప్పి ముందుంటాయి. అలర్జీలో దురద ముందుంటుంది. ఇంటికి వెళ్ళి చూశాను. రెండు చెవులూ ఒకేలా ఉన్నాయి. సూక్ష్మజీవులు సాధారణంగా ఒక చెవినే పట్టుకుంటాయి, లేదా ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువగా ఉంటాయి. ఎరుపు దిద్దు బిళ్ళ ఆకారంలోనే గుండ్రంగా ఉంది, వెనక మూత తగిలిన చోట కూడా అంతే. ఆవగింజంత నీటిపొక్కులు, వాటిలోంచి పలచటి రసి, దాని మీద తేనెరంగు పక్కు. చిక్కటి చీము ఎక్కడా లేదు, జ్వరం లేదు.

ఇంకో ప్రశ్న అడిగాను: "ఇదివరకు ఎక్కడైనా ఇలా దురద వచ్చేదా?" కాసేపు ఆలోచించి, జీన్స్ గుండీ తగిలే చోట బొడ్డు కింద ఏళ్ళ తరబడి ఒక గరుకు మచ్చ ఉందని చెప్పింది. అప్పుడు లెక్క కుదిరింది. నికెల్‌ను మొదటిసారి చూసిన శరీరం రెండు రోజుల్లో ఇలా తిరగబడదు, గుర్తుపెట్టుకోవడానికి దానికి పది రోజులో, అంతకన్నా ఎక్కువో కావాలి. ముందే గుర్తున్న శరీరానికే ఒకటి నుంచి మూడు రోజుల్లో ఇలా వస్తుంది. నేను కుట్టేముందు ఈ ప్రశ్న అడిగి ఉండాల్సింది. అప్పటి నుంచి కుట్టే ప్రతి ఒక్కరినీ అడుగుతున్నాను.

పూత దిద్దులు తీసి, సెలైన్‌తో కడిగి, గైడు పిన్నుతో మళ్ళీ టైటానియం పెట్టాను. రంధ్రం ఖాళీగా వదిలితే ఆ దశలో కొన్ని గంటల్లోనే బిగుసుకుపోతుంది. ఆయింట్‌మెంట్ ఆపించాను. ఆమె రాసుకున్న దాంట్లో నియోమైసిన్ ఉంది, అది కూడా చాలామందికి చర్మ అలర్జీ తెచ్చేదే. దురద తగ్గడానికి చర్మవైద్యురాలు పైపూత మందు కొద్ది రోజులకు రాశారు. నాలుగు రోజులకు పొక్కులు ఎండాయి, రెండు వారాలకు ఎరుపు పోయింది. అయితే సొరంగం లోపలి పొర మళ్ళీ చిరిగింది కాబట్టి గడువు అక్కడి నుంచి మళ్ళీ మొదలుపెట్టాం.

ఐదో అడుగు: చెవి సిద్ధమైందా అని చూడటం

క్యాలెండర్ కనీస గడువు మాత్రమే చెబుతుంది. నా లెక్క ప్రకారం టైటానియం నుంచి అలాంటి మరో మంచి లోహంలోని స్టడ్‌కు మారడానికి కనీసం మూడు నెలలు, రింగులకూ వేలాడే వాటికీ ఆరు నెలలు. ఆ గడువు దాటాక కూడా చెవి కింది మాటలకు ఔననాలి.

గత రెండు వారాల్లో పొద్దున లేచాక కాడ మీద పక్కు కనిపించకూడదు. తమ్మెను రెండు వైపుల నుంచి వేళ్ళతో మెల్లగా నొక్కితే లోపల ఎక్కడా పచ్చినొప్పి, గట్టి గడ్డ తగలకూడదు. ఆ పక్కకు తిరిగి పడుకున్న మర్నాడు కూడా నొప్పి ఉండకూడదు. రంధ్రం నోటి దగ్గర చర్మం మిగతా తమ్మె రంగులోనే ఉండి, లోపలికి చిన్న గుంటలా ముడుచుకుని ఉండాలి. నున్నగా మెరుస్తూ, కందినట్టు గులాబీ రంగులో ఉంటే లోపల పని ఇంకా సాగుతోందని అర్థం. వీటిలో ఒక్కటి కాదన్నా ఇంకో నెల ఆగి మళ్ళీ చూడండి. తిప్పి చూసి పరీక్షించకండి.

మధుమేహం అదుపులో లేనివారికి, స్టెరాయిడ్లు వాడేవారికి గడువు ఇంకా సాగుతుంది.

ఆరో అడుగు: మార్చే పద్ధతి

స్నానం చేశాక మార్చండి, అప్పుడు చర్మం మెత్తగా ఉంటుంది. తొందర లేని రోజు ఎంచుకోండి. ఏదైనా వేడుకకు బయలుదేరే ముందు ఈ పని పెట్టుకోకండి. తొందరలో తోసేసే చేతులే చెవిని చింపుతాయి.

కొత్త దిద్దును సబ్బు నీళ్ళతో కడిగి, కాడను స్పిరిట్ దూదితో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. కాడ కొనను వేలితో తడిమి చూడండి. గరుకుగా గాని పదునుగా గాని తగిలితే ఆ దిద్దు వద్దు. మందం కూడా పాతదానికి దగ్గరగా ఉండాలి. 1 మి.మీ. నుంచి 0.8కి దిగితే పెట్టుకోవడం సులువే, కానీ కొన్ని వారాల్లో రంధ్రం అంతకు ముడుచుకుంటుంది, తర్వాత పాత కాడ పట్టదు. వాష్‌బేసిన్ దగ్గరైతే నీళ్ళు పోయే కన్నం మీద తువ్వాలు పరవండి. చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఒకసారి ఒక చెవే. పాత దిద్దు తీసే ముందు ముందూ వెనకా సెలైన్ చల్లి రెండు నిమిషాలు ఆగండి. మర ఉన్న రకమైతే వెనక బిళ్ళను ఒక చేత్తో కదలకుండా పట్టుకుని, ముందున్న పూసను ఎడమవైపు తిప్పాలి. మర లేకుండా పిన్ను ఒత్తిడితో నిలిచే రకమైతే తిప్పకుండా తిన్నగా లాగాలి. తీశాక రంధ్రంలోంచి నెత్తుటి చుక్క గాని తడి గాని కనిపిస్తే చెవి ఇంకా సిద్ధం కాలేదు. పాతదాన్నే కడిగి వెంటనే పెట్టెయ్యండి.

తడి ఏమీ లేకపోతే కొత్త కాడకు ఒక చుక్క సెలైన్ తగిలించి, తమ్మెను ఒక చేత్తో కిందికి మెల్లగా లాగి పట్టుకుని, ముందు నుంచి పెట్టండి. సొరంగం అద్దంలో కనిపించినంత తిన్నగా ఉండదు, చాలామందికి కొంచెం వాలుగా ఉంటుంది. కాడ సగంలో ఆగిపోతే తొయ్యకండి. వెనక్కి తీసి, కొన వాలును ఇంచుక మార్చి చూడండి. దారి దొరికినప్పుడు బలం వాడకుండానే జారుతుంది. బలం పెట్టి తోస్తే పాత సొరంగం పక్కన కొత్త దారి తవ్వుకుపోతుంది. ఐదు నిమిషాల్లో దొరకకపోతే పాతదాన్ని పెట్టి, కుట్టినవారి దగ్గరికి వెళ్ళండి.

మూత బిగించేటప్పుడు తమ్మెకూ మూతకూ మధ్య ఒక కాగితం దూరేంత సందు ఉంచండి. ఆ తర్వాత మూడు రోజులు సెలైన్ మళ్ళీ రెండు పూటలా. మొదటి ఏడాది రాత్రిళ్ళు దిద్దు తీసి పెట్టెలో పెట్టే అలవాటు చేసుకోకండి. ఆరు నెలలు దాటిన రంధ్రం కూడా కొందరికి ఒకటి రెండు రోజుల్లోనే బిగుసుకుంటుంది.

డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సినప్పుడు

ఎరుపు రంధ్రం దాటి పాకుతున్నా, చెవి వేడిగా సలుపుతున్నా, పచ్చగా చిక్కటి చీము వస్తున్నా, జ్వరం ఉన్నా డాక్టరుకు చూపించాలి. ఆ దశలో దిద్దు మీ అంతట మీరు తియ్యకండి. తీస్తే బయటి నోరు మూసుకుపోయి చీము లోపలే నిలిచి గడ్డ కట్టవచ్చు. తీయాలో వద్దో డాక్టరు చెబుతారు. మూత గాని పూస గాని చర్మంలోకి కూరుకుపోతే ఇంట్లో పీకకుండా ఆ రోజే వెళ్ళండి.

చెవి పైభాగంలో కుట్టించుకున్నవారికి జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు, పైన ఉన్న పొర నుంచే దానికి పోషణ అందుతుంది. అందుకే మానడానికి ఆరు నెలల నుంచి ఏడాది పడుతుంది. అక్కడ సూక్ష్మజీవులు చేరితే మందు కూడా సులువుగా అందదు. చెవి పైభాగం ఎర్రగా ఉబ్బి, ముట్టుకోలేనంత నొప్పిగా ఉండి, తమ్మె మాత్రం మామూలుగా ఉందంటే అది మృదులాస్థి పొరకు సోకిందన్న గుర్తు. దీనికి తరచు కారణమయ్యే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా మీద మామూలు యాంటీబయాటిక్‌లలో చాలావరకు పనిచెయ్యవు. ఆలస్యమైతే మృదులాస్థి కరిగి చెవి ఆకారమే మారిపోతుంది. ఇంట్లో ఉన్న మాత్ర వేసుకుని రేపు చూద్దామనుకోకుండా అదే రోజు చెవి వైద్యుల దగ్గరికి వెళ్ళాలి. తుపాకీలాంటి యంత్రంతో అక్కడ కుట్టించుకోకండి. మొద్దు కొనతో బలంగా తొయ్యడం వల్ల మృదులాస్థి నలిగిపోతుంది. ఒకసారికే వాడి పారేసే బోలు సూదితోనే కుట్టించుకోండి.

మా అక్క కూతురు పూత దిద్దుల తర్వాత మరో నాలుగున్నర నెలలు ఆగింది. ఆరో నెల నిండాక ఒక ఆదివారం నా ముందే కూర్చుని నికెల్ కలపని 18 క్యారెట్ల స్టడ్‌లు తనే పెట్టుకుంది. ఎడమ చెవికి మొదటిసారే జారింది. కుడి చెవికి సగంలో ఆగింది. తొయ్యకుండా తీసి, కొనను కాస్త పైకి వంచి మళ్ళీ పెట్టింది, వెళ్ళిపోయింది. మర్నాడు పొద్దున కాడ మీద పక్కు లేదు, దురద లేదు. జీన్స్ గుండీకి లోపలివైపు గుడ్డముక్క కుట్టుకుంది, బొడ్డు కింది మచ్చ కూడా ఇప్పుడు మానుతోంది.